అమ్మ గౌను భుజాలు

ఆపరేషన్ అయ్యాక అమ్మకి చీర కట్టుకోవడం కుదరలేదు. లంగా బొందు బిగిస్తే సరిగ్గా కుట్ల మీదే పడేది. ఇంట్లో నైటీతో నెట్టుకొచ్చింది గానీ, ఆ ఆదివారం మేం గుడి అని పిలుచుకునే చర్చికి పోవాల్సిందేనని పట్టుబట్టింది. భక్తి పొంగిపొర్లి కాదు లెండి. చూడ్డానికొచ్చిన గుడివాళ్ళంతా "అయ్యో, సగమైపోయావమ్మా" అని బత్తాయిలిచ్చి మరీ ఏడ్చిపోతున్నారు. వాళ్ళ నోళ్ళు మూయించాలని ఆవిడ పంతం.

తెనాలి వెళ్ళి పాదాల దాకా ఉండే రెడీమేడ్ గౌను తెచ్చాను. మా అమ్మ కొలత నాకు తెలియదా అనుకున్నాను. నా కళ్ళలో ఉన్నది జబ్బు పడకముందు అమ్మ. ఆవిడ అది తొడుక్కుని అద్దంలో చూసుకుని, "ఇందులో నేనూ పాస్టరు గారూ కలిసి పడతామే," అంది.

బాపట్లలో మా వెనక వీధిలో ఒకావిడ ఇంట్లోనే మిషను కుడుతుంది. అమ్మని ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ గౌను లోపలివైపు బయటికి తిరగేసి అమ్మకి తొడిగించి, రెండు పక్కలా సమానంగా లాగి, చంక నుంచి తుంటి దాకా గుండుసూదులు పెట్టింది. నోట్లో సూదులున్నా ఊళ్ళో సంగతులు ఆగలేదు. పక్కలు లోపలికి కుట్టి మిగిలిన గుడ్డ అలాగే వదిలేస్తానంది. కిందంచు కూడా కొయ్యకుండా లోపలికి మడుస్తానంది. లావైతే రెండూ విప్పుకోవచ్చు. నా ప్రాణం కుదుటపడింది.

"భుజాలే ఆంటీ గొడవ," అంది టైలరమ్మ. "భుజం కుట్టు చేతి మీదికి జారిపోయింది. గౌను చేతులు విప్పదీసి, భుజం దగ్గర గుడ్డ కత్తిరించి, మళ్ళీ చేతులు ఎక్కించాలి. కత్తిరించింది మళ్ళీ రాదండి. చేతులు విప్పాకే పక్కలు కుట్టాలి, కాబట్టి ముందు ఇది తేల్చండి."

"కత్తిరించొద్దండి," అన్నాను. "అమ్మకి మళ్ళీ ఒళ్ళొస్తుంది. అప్పటిదాకా పిన్నులు పెట్టుకుంటుంది."

ఆ గుడ్డ కోస్తే పాత అమ్మ ఇక రాదని ఒప్పుకున్నట్టేనని నాకు భయం.

అమ్మ తెర వెనక్కి వెళ్ళి నైటీ వేసుకుని, మీద తువ్వాలు కప్పుకుని వచ్చింది. గౌను మిషను మీద పడేసింది.

"కత్తిరించమ్మాయ్. భుజాలు జారిపోతూ గుడికెళ్తే జాలిపడి మనింట్లో ప్రార్థన కూడిక పెట్టేస్తారు. అందరికీ టీలు ఇది కాస్తుందా?" అంది నన్ను చూపిస్తూ.

"మరి ఒళ్ళొస్తే ఏంటమ్మా?" అన్నాను.

"వస్తే ఇంకోటి కొనవే. ఆదివారం గుడికి పోయేది ఈ ఒళ్ళే కదా."

టైలరమ్మ గౌను చేతులు విప్పదీసి, సుద్దతో గీత గీసి, కత్తెర పెట్టింది. ఆ కరకర వినలేక నేను గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాను. అమ్మ మాత్రం స్టూలు ముందుకి జరుపుకుని, "కిందంచు ఇంకో వేలెడు పైకి మడువమ్మాయ్, కొత్త చెప్పులు కనపడాలి," అంటోంది.