ర్యాంపు మీద అర చుట్టు

మేస్త్రి ఎడమ చేతికి మూడు వేళ్లే ఉన్నాయి. మిగతా రెండూ పద్నాలుగేళ్ల కిందట ఒక కారు చక్రానికీ షెడ్డు గోడకీ మధ్య నలిగిపోయాయి.

ఆ షెడ్డు అతనిది కాదు. అందులో అతను జీతగాడు. వాలుగా ఉన్న నేల మీద కారు నిలబెట్టి, "హ్యాండ్ బ్రేక్ లాగే ఉంది, దూరు కిందికి" అన్నాడు ఓనరు. చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టుకుని దూరతానన్నాడు మేస్త్రి. "చెక్కలు వెతుక్కుంటూ కూర్చో, ఈలోపు కస్టమరొచ్చి నా పెళ్లి చేస్తాడు" అన్నాడు ఓనరు. బ్రేకు లాగి లేదు. కారు వెనక్కి జారి గోడని గుద్దింది. ఓనరు పరిగెత్తుకొచ్చి మొదట బంపరు చూశాడు. బంపరు పగిలింది. అప్పుడు వీల్ స్పానరు అందుకుని, నెత్తురోడుతున్న చెయ్యి పొట్టకి అదుముకుని కూర్చున్న మనిషిని భుజం మీద మూడు దెబ్బలు కొట్టాడు. రెండో దెబ్బకే భుజం ఎముక విరిగింది. మూడోది ఎందుకు కొట్టాడో మేస్త్రికి ఇప్పటికీ అంతు పట్టదు.

ఆ తర్వాత ఓనరు, వాడు తాగి పనిలోకొచ్చాడని ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పాడు. అంతవరకు మేస్త్రి చుక్క ముట్టి ఎరగడు. విరిగిన ఎముక ఆరు వారాల్లో అతుక్కుంది. ఆ మాట మాత్రం మూడేళ్లు పని దొరకనివ్వలేదు.

ఇప్పుడతన్ని అందరూ చెక్కల మేస్త్రి అంటారు. సొంతంగా, పిలిచిన చోటికి వెళ్లి పని చేస్తాడు. సంచిలో పనిముట్లకన్నా ముందు రెండు చెక్క దిమ్మలు ఉంటాయి. అతని పెళ్లాం వాటిని సవతులంటుంది. "సవతుల్ని సర్దుకున్నావా?" అని అడిగాక గానీ గడప దాటనివ్వదు.

చేత్తో లాగే హ్యాండ్ బ్రేకులు పోయి మీట నొక్కితే పడే బ్రేకులొచ్చాక అతనికి పని పెరిగింది. మీట నొక్కగానే వెనక చక్రాల దగ్గరున్న రెండు చిన్న మోటార్లు తిరిగి, బ్రేకు ప్యాడ్లని డిస్కుకి బిగిస్తాయి. మళ్లీ నొక్కితే వదులుతాయి. "ఎర్ర లైటు వెలిగితే బ్రేకు పట్టుకుందని అర్థం. పసుపు లైటు వెలిగితే, పట్టుకుందో వదిలిందో తనకీ తెలీదని కారే ఒప్పుకుంటోందని అర్థం" అని చెబుతాడు కస్టమర్లకి. మనుషులకి అలాంటి లైటు ఉండి ఉంటే బాగుండునని మాత్రం పైకి అనడు.

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి బామ్మర్ది ఫోన్ చేశాడు. బామ్మర్దిది కార్లు లాక్కెళ్లే ట్రక్కు.

"బావా, సెల్లారు ర్యాంపు మధ్యలో ఒక పెద్ద కారు చచ్చి కూర్చుంది. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. లాగేయమంటున్నాడు దాని మొగుడు."

"లాగితే టైర్లు, డిస్కులు నేల నాకిపోతాయి. ముట్టుకోకు. వస్తున్నా."

దుకాణాల భవనం అది. సెల్లారు నుంచి పైకి ఒకటే దారి, నిట్టనిలువు వాలు. కారు ముక్కు పైకి, తోక కిందికి పెట్టి ఆగి ఉంది. దాని వెనక ఇరవై కార్ల హారన్లు. ఆ కార్ల వాళ్లు అప్పటికే ఒకసారి కలబడ్డట్టున్నారు. కారు వెనక అద్దం పగిలి ఉంది. డ్రైవరు, అరవై దాటిన బక్కపలచని ముసలాయన, చినిగిన చొక్కా సర్దుకుంటున్నాడు. బామ్మర్ది బూతులు లంకించుకుని, కార్లన్నిటినీ సెల్లారు లోపలికి వెనక్కి నెట్టించి, తన ట్రక్కు బ్యాటరీ తెచ్చిచ్చి, పై నుంచి ఇంకెవరూ దిగకుండా ర్యాంపు మొగదలకి పోయి నిలబడ్డాడు.

మేస్త్రి మొదట వెనక చక్రాలు రెండింటికీ కింది వైపు చెక్కలు పెట్టాడు. తర్వాతే బానెట్ తెరిచాడు. పన్నెండు ఉండాల్సిన బ్యాటరీ పదిన్నర వోల్టులే చూపించింది.

"కరెంటు తక్కువైతే ఆ మోటార్లు మొరాయిస్తాయి తాతా. సగం పసుపు లైట్లు బ్యాటరీ పాపమే. ఇది తగిలించాక ఇంజను ఆన్ చెయ్. తలుపు మూసి, బెల్టు పెట్టుకుని, కాలి బ్రేకు గట్టిగా తొక్కి, మీట నొక్కు."

"ఎంతసేపు?" అన్నది ఒక గొంతు కారు వెనక నుంచి.

మేస్త్రి బ్యాటరీ తీగల క్లిప్పులు పట్టుకునే పక్కకి వంగి చూశాడు. ఆ గొంతు అతనికి తెలుసు. కారు యజమాని. ఒకప్పటి ఓనరు. పొట్ట పెరిగింది, జుట్టు పలచబడింది, గొంతు మాత్రం అదే. అతను మేస్త్రిని గుర్తు పట్టలేదు. కొట్టిన చెయ్యి దేన్నీ గుర్తు పెట్టుకోదు.

మేస్త్రి క్లిప్పులు బిగించాడు. ముసలాయన మీట నొక్కాడు. ఎడమ చక్రం దగ్గర మోటారు జుయ్యిమని తిరిగి ఆగింది. కుడి వైపు చప్పుడు లేదు. పసుపు లైటు ఆరలేదు.

వెనకున్న ఓనరు ఆ జుయ్యిమన్న చప్పుడు విన్నాడు. అంతే, బ్రేకు వదిలేసిందనుకుని చెక్కలు రెండూ కాలితో తన్నేసి, "పోనీ, పోనీ" అని అరిచాడు. ముసలాయన గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కాడు. పట్టుకున్న కుడి చక్రం కదల్లేదు. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ముసలాయన గేరు తీసేశాడు.

మేస్త్రి బానెట్ దించేసరికి ఓనరు ముసలాయన్ని కాలరు పట్టి బయటికి ఈడ్చాడు. "కారు నడపడం కూడా రాదురా నీకు?" అంటూ నేల మీదున్న చెక్క తీసి తల మీద కొట్టాడు. పుచ్చకాయ నేల మీద పడ్డట్టు శబ్దమైంది. ముసలాయన నాలుగడుగులు కిందికి తూలి, ర్యాంపు మధ్యలోనే కూలబడ్డాడు. నెత్తురు కనుబొమ్మ మీదుగా గడ్డానికి కారింది. మేస్త్రి పరిగెత్తి భుజం మీది తువ్వాలు తీసి కట్టు కట్టాడు. కట్టేటప్పుడు మూడు వేళ్ల చెయ్యి ఓనరు కళ్ల పడింది.

"నువ్వా" అన్నాడు ఓనరు.

"నేనే."

"ఇంకా తాగుతున్నావా?"

మేస్త్రి ముసలాయన్ని పక్కకి లేపబోయాడు. "కళ్లు తిరుగుతున్నాయి నాయనా, ఒక్క నిమిషం ఇక్కడే ఉండనీ" అన్నాడు ముసలాయన. మేస్త్రి లేచి, ఇంజను ఆపమనీ ఫస్ట్ గేరులో పెట్టమనీ ఓనరుకి చెప్పి స్పానర్లు అందుకున్నాడు. ఓనరు కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఇంజను ఆపి తీశాడు.

"గేరులోనే ఉంది. దూరు కిందికి."

ఒళ్లంతా నిప్పు పాకినట్టయింది మేస్త్రికి. ఆ మంటలోనే, తన చెక్కలు తాను చూసుకోకుండా, పద్నాలుగేళ్లలో మొదటిసారి కారు కిందికి దూరాడు.

కుడి వెనక చక్రానికి పై వైపు నుంచి దూరి వెల్లకిలా పడుకున్నాడు. మోటారు ప్లగ్గు చూశాడు. నీళ్లు దిగి లోపలి పిన్ను పచ్చగా చిలుం పట్టి ఉంది. ప్లగ్గు పీకాడు. వేళ్లు అక్కడ ఉండగా మోటారు తిరిగితే ఆ వేళ్లూ పోతాయి. రెండు బోల్టులు విప్పి మోటారు పక్కకి తీశాడు. దాని వెనక పళ్ల ఇరుసు బయటపడింది. దాన్ని స్పానరుతో వదులు వైపు తిప్పితే ప్యాడ్లు డిస్కుని వదిలేస్తాయి. స్పానరు తొడిగి తల పక్కకి తిప్పాడు.

చక్రం వెనక చెక్క లేదు. అవతలి చక్రం వెనకా లేదు. వెనక బంపరుని ఆనుకుని ఓనరు బూట్లు కనిపించాయి. పక్కనే అతని చేతిలో వేలాడుతున్న చెక్క.

ఎడమ చక్రం వదిలేసింది. రెండు టన్నుల బండిని కుడి చక్రం ఒక్కటే పట్టుకుని ఉంది. దాని పట్టు తన చేతిలో ఉంది. గేరులోనే ఉందన్న మాట అబద్ధమని అతనికి తెలుసు. హ్యాండ్ బ్రేక్ లాగే ఉందన్నప్పుడు కూడా గొంతు ఇలాగే పలికింది. బోల్టులు విప్పి, నిబంధన ప్రకారమే తిప్పానంటే ఏ పోలీసూ ఏమీ అనలేడు.

"పడుకున్నావా ఏంటి కింద?" అని ఓనరు పక్కకి వంగి, బయటికున్న మేస్త్రి కాలి మీద బూటుతో తన్ని, మళ్లీ బంపరు వెనక్కి పోయాడు.

మేస్త్రి తిప్పాడు. పావు చుట్టు. మరో పావు.

కారు మూలిగింది. చక్రం వేలెడు వెనక్కి జరిగింది, ఆగింది, మళ్లీ జరిగింది. ప్యాడ్లు డిస్కుని రాపిడి చేస్తున్న కీచు వినిపించింది. సరిగ్గా అప్పుడే బూట్ల మధ్య నుంచి, ఇంకాస్త కింద, తన తువ్వాలు కనిపించింది. ఎర్రగా తడిసిన తువ్వాలు. దాని కింద ముసలాయన మొహం. అంతసేపూ అతను అక్కడే ఉన్నాడు. మేస్త్రి కళ్లకే ఆనలేదు.

మోచేతుల తోలు లేచిపోయేట్టు పాక్కుంటూ బయటపడి, పరిగెత్తి ఓనరుని డొక్కలో తలతో గుద్దాడు. ఇద్దరూ ర్యాంపు గోడకి కొట్టుకుని పడ్డారు. ఓనరు చెక్కతో అతని మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు నోట్లోనే రాలాయి. మళ్లీ కొట్టబోతే మేస్త్రి మణికట్టు కొరికి చెక్క లాక్కున్నాడు. ఓనరు కింద, అతను పైన. చెక్క తల మీదికి ఎత్తి ఉంది. ఓనరు నుదురు దాని కిందే ఉంది.

పక్కనే కారు కీచుమంటూ అంగుళం అంగుళం దిగుతోంది.

మేస్త్రి ఒక్క గెంతులో చక్రం వెనక పడి చెక్క దోపాడు. టైరు దాని మీదికి సగం ఎక్కి, ఊగి, ఆగింది. బంపరుకీ ముసలాయన మోకాళ్లకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. రెండో చెక్క కూడా వెతికి పెట్టాక మేస్త్రి వెనక్కి వచ్చి, లేవబోతున్న ఓనరు ముక్కు మీద పిడికిలితో ఒక్కటే గుద్దాడు. ఎముక పటుక్కుమంది. రెండోది కొట్టలేదు.

"బావా, చంపేశావా?" అంటూ దిగొచ్చాడు బామ్మర్ది.

"లేదు. నువ్వెక్కి కాలి బ్రేకు తొక్కి కూర్చో. గేరెక్కడుందో చూడు."

"న్యూట్రల్లో ఉంది బావా."

మేస్త్రి నోట్లో పళ్లు ఉమ్మి మళ్లీ కిందికి దూరాడు. మిగతా చుట్లు తిప్పి, ప్యాడ్లు పూర్తిగా వదిలాక మోటారుని బోల్టులతో బిగించి, ప్లగ్గు పీకేసే ఉంచాడు. బామ్మర్ది కారు పైకి నడిపాడు. పసుపు లైటు వెలుగుతూనే ఉంది. ముసలాయన తలకి ఏడు కుట్లు పడ్డాయి. ఆ ఉద్యోగానికి అతను మళ్లీ వెళ్లలేదు. ఓనరు కేసు పెట్టలేదు. పెడితే ఆ చెక్కదెబ్బ గురించి ముసలాయన సాక్ష్యం చెప్పాల్సొస్తుంది.

నాలుగు నెలలకి ఓనరు తనే కారు నడుపుకుంటూ మేస్త్రి ఇంటి ముందుకొచ్చాడు. ముక్కు వంకరగా అతుక్కుంది. ఆ లైటు ఇంకా వెలుగుతోంది. మేస్త్రి చెక్కలు పెట్టాడు. కొత్త మోటారు, కొత్త ప్లగ్గు బిగించి, కారు కంప్యూటరుకి స్కానరు తగిలించి, ఎంత బిగించాలో బ్రేకుకి మళ్లీ లెక్క నేర్పించి, మీట నాలుగుసార్లు నొక్కి చూశాడు. లైటు ఆరింది.

ఓనరు కారెక్కి, తలుపు వెయ్యబోయి ఆగాడు.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఆ రోజు చెక్కలు లేవని నీకు తెలుసా? తెలిసి కూడా తిప్పేవాడివా?"

మేస్త్రి వంగి చక్రాల వెనక చెక్కలు తీసుకుని సంచిలో వేసుకున్నాడు.

"తిప్పేవాడినేంటండీ, తిప్పాను. అర చుట్టు. వెనక మీరొక్కరే ఉన్నారనుకుని."