సంతకం పెట్టని రాయితీ

ప్రొద్దుటూరులో మా నాన్నకు బట్టల కొట్టు ఉండేది. పెళ్ళిబట్టలకని జనం ముందుగా ఇచ్చిన డబ్బును ఆయన గల్లాపెట్టెలో కలిపేవాడు కాదు. పక్కనే ఉన్న బిస్కెట్ల డబ్బాలో వేసేవాడు. "బట్ట చించి చేతికిచ్చేదాకా అవి మన దుడ్లు కాదు మే" అనేవాడు. కొండాపూర్‌లోని ఒక ప్రైవేటు స్కూల్లో అకౌంట్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు, టర్మ్ ఫీజు ముందే వస్తే ఎలా రాస్తారని అడిగారు. బిస్కెట్ల డబ్బా సంగతి చెప్పాను. నవ్వారు. ఉద్యోగం ఇచ్చారు. జీతం దగ్గర మాత్రం నేను గంటసేపు బేరమాడి, చివరికి వాళ్ళు మొదట అనుకున్న అంకెకే ఒప్పుకున్నానని తర్వాత తెలిసింది.

స్కూల్లో పద్ధతి అదే. ఏడాదికి మూడు టర్ములు. జూన్‌లో, అక్టోబర్‌లో, ఫిబ్రవరిలో, ప్రతిసారీ నాలుగు నెలల ఫీజు ముందుగా కట్టాలి. కట్టిన రోజున అది స్కూలు ఆదాయం కాదు, స్కూలు పిల్లకు పడిన అప్పు. నెల గడిచి, ఆ నెల పాఠాలు చెప్పాక, నాలుగో వంతు ఆదాయంలోకి వస్తుంది. నెలాఖరున ఆ ఎంట్రీ వేయడం నా పని.

ఇక రాయితీలు. వాటి కోసమే నన్ను పెట్టుకున్నారేమో అని ఇప్పుడు అనుమానం. కరస్పాండెంట్ గారు, అంటే స్కూలు యజమాని, గుంటూరు వైపు మనిషి. అందరూ సార్ అంటారు. తల్లిదండ్రులు ఆయన గదిలో కూర్చుని కష్టాలు చెప్పుకుంటే ఆయన కరిగిపోయినట్టు ముఖం పెట్టి, ఇంటర్‌కమ్‌లో నాకు చెప్పేవారు. "మేడం గారూ, వీళ్ళది కాస్త చూసి పంపండి." చూసి పంపడమంటే బేరం నేనాడాలి, మంచి పేరు ఆయనకు రావాలి. నాకేం బాధ లేదు. కోటిన్నర ఫ్లాటుకు కళ్ళు మూసుకుని సంతకం పెట్టిన సాఫ్ట్‌వేర్ దంపతులు బస్సు ఫీజులో ఐదువందల కోసం నాతో పోట్లాడుతుంటే, చిన్నప్పుడు కొట్లో చీరలు విప్పి పరిచిన ఆనందమే కలిగేది.

ఒక్క చోటే తిరకాసు. ఒప్పుకున్న రాయితీని సార్ వెంటనే ఫీజు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించనిచ్చేవారు కాదు. "ఇప్పుడే ఎక్కిస్తే కౌంటర్‌లో వాళ్ళు చూస్తారు, వాళ్ళు చెబితే ఊరంతా క్యూ కడుతుందండీ. మార్చిలో లిస్టు తెండి, ఒకేసారి సంతకం పెట్టేస్తాను." అందుకని ప్రతి పిల్ల పేరు మీదా పూర్తి ఫీజే రాసేదాన్ని. నెలనెలా ఆదాయమూ పూర్తి ఫీజు లెక్కనే ఎక్కేది. తల్లిదండ్రులు తగ్గించినంత కట్టేవారు, మిగిలింది బకాయిగా నిలిచేది. మార్చిలో సంతకం పడ్డాక ఆ బకాయీ, దాని ఆదాయమూ కొట్టేసేదాన్ని. తప్పు పద్ధతి, ఏడాదంతా లేని ఆదాయం చూపిస్తున్నాం సార్ అన్నాను ఒకసారి. "సంవత్సరం చివరికి సరిపోతుంది కదండీ" అన్నారు. ప్రతి ఏడూ సరిపోయేది.

మా స్కూలు వెనక సందులో ఒకామె కర్రీ పాయింట్ నడిపేది. సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు అక్కడ పప్పు, చారు, రెండు కూరలు ప్యాకెట్లలో కట్టించుకుని పోతారు. నేనూ అంతే. ఆమె కూతురు మా దగ్గర పదో తరగతి. ఆ జూన్‌లో ఆమె భర్త నడిపే క్యాబ్‌ను ఫైనాన్స్ వాళ్ళు లాక్కుపోయారు, అతను కూడా ఎటో పోయాడు. ఆమె సార్ దగ్గరికి వెళ్ళింది. ఇంటర్‌కమ్ మోగింది.

టర్మ్‌కు పద్దెనిమిది వేలు. ఆమె పదివేలంది. నేను పదిహేనన్నాను.

"ఏంది మేడం, నా దగ్గర వంకాయ కూర పది రూపాయలు తక్కువకు అడుగుతవ్, గీడ రూపాయి ఇడుస్తలేవు!"

"నువ్వు ఆ పది ఎప్పుడైనా విడిచినావా?"

"ఇడువలే. గందుకే అడుగుతున్న, నీకు తెలుసు గద నా కథ."

ఇద్దరం నవ్వాం. పన్నెండు వేలకు ఆగాం. నేనే ఆమెను సార్ గదికి తీసుకెళ్ళాను. "అలాగేనమ్మా, పిల్లను బాగా చదివించు" అన్నారాయన. ఆమె చెప్పిన రోజుకు మూడు టర్ములూ కట్టింది. పుస్తకాల్లో మాత్రం టర్మ్‌కు ఆరు వేల చొప్పున ఆ పిల్ల పేరు మీద పద్దెనిమిది వేలు బకాయి పేరుకుంది. మార్చి వస్తే పోయేదే కదా.

మార్చి వచ్చింది. లిస్టు పట్టుకుని వెళ్ళాను. సార్ కాగితం ముట్టుకోలేదు.

"ఈసారి ఆగండి. స్కూలు ఇచ్చేస్తున్నానండీ."

కొనేది బ్రాంచీల మీద బ్రాంచీలు ఉన్న ఒక పెద్ద సంస్థ. జూన్ నుంచి మే దాకా ఏడాది లాభానికి ఆరు రెట్లు ధర, వాయిదాల్లో ఇస్తారు. ఇంకా రావలసిన బకాయిలను వాళ్ళు వసూలు చేసి ఈయన చివరి వాయిదాలో కలిపి ఇస్తారు, వసూలు కానివి కలపరు. నిలబడ్డ చోటే నాకు లెక్క అర్థమైపోయింది, కుర్చీ కూడా అక్కర్లేకపోయింది. రాయితీల లిస్టు మీద సంతకం పెడితే లాభం తగ్గుతుంది, తగ్గిన ప్రతి రూపాయికీ ధరలో ఆరు పోతాయి. కూరలమ్మే ఆమె కట్టక్కర్లేని పద్దెనిమిది వేలకు ఈయనకు లక్షా ఎనిమిది వేలు రాబోతున్నాయి. మా నాన్న ఇంతటి బేరం కల్లో కూడా చేయలేదు.

"మరి వీళ్ళకు మాటిచ్చారు కదా సార్?"

"రాసిచ్చానా అండీ?" అన్నారు, ఎంతో మర్యాదగా.

వేసవిలో స్కూలు చేతులు మారింది. బోర్డు మారింది, యూనిఫాం రంగు మారింది, నేను మాత్రం పాత ఫర్నిచర్‌తోపాటు ఉండిపోయాను. కొత్త సంస్థ తరఫున ఒక ఫైనాన్స్ మేనేజర్ వచ్చాడు. బకాయి ఉన్న వాళ్ళందరికీ మెసేజ్‌లు వెళ్ళాయి. సాఫ్ట్‌వేర్ తల్లిదండ్రులు ఊరుకుంటారా? ఆఫీసు అలవాటు. వాళ్ళు ఏ మాటనైనా రాతలో తెప్పించుకుంటారు. రాయితీ ఒప్పుకుంటూ సార్ అప్పట్లో పంపిన వాట్సాప్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు మర్నాటికల్లా వచ్చి పడ్డాయి. ఆ పేర్ల బకాయిలు రద్దయ్యాయి. రాత అడక్కుండా మాట మీద నమ్మకంతో వెళ్ళిపోయిన వాళ్ళు మిగిలారు.

జూన్‌లో కర్రీ పాయింట్ ఆమె కౌంటర్ దగ్గరికి వచ్చింది. బకాయి మెసేజ్ ఏదో పొరపాటున వచ్చిందనుకుని పట్టించుకోలేదట. పిల్లకు గురుకుల జూనియర్ కాలేజీలో సీటు వచ్చింది. చదువు, హాస్టలు, భోజనం అన్నీ ఉచితం. శనివారంలోగా టీసీ పట్టుకుని వెళ్ళి చేరాలి, లేకపోతే సీటు ఇంకొకరికి ఇస్తారు. కంప్యూటర్ టీసీ ఇవ్వడం లేదు. బకాయి ఉంటే ఆ బటన్ పనిచేయదు.

"పద్దెనిమిది వేలా? ఏంది మేడం గిది? నువ్వే గద కూసొని బేరం జేసింది! నువ్వే గద సార్ తాన్కి తోల్కపోయింది!"

"నేనే."

"మరి చెప్పు జర ఆ పోరనికి!"

ఆ పోరడు, అంటే ఫైనాన్స్ మేనేజర్, మంచివాడే. చెప్పినదంతా విన్నాడు.

"మేడం, నేను మిమ్మల్ని నమ్ముతున్నా. కానీ ఆడిట్‌లో అడిగితే మీ మాటను సిస్టమ్‌లో ఎక్కడ అప్‌లోడ్ చేయమంటారు? పాత ఓనర్ గారి దగ్గర ఒక్క లెటర్ తెండి. ఆయన వాయిదాలో కట్ చేసుకుని ఇప్పుడే క్లియర్ చేస్తా."

సాయంత్రం సార్ ఇంటికి వెళ్ళాను. కొత్త విల్లా. కాఫీ ఇచ్చారు. బేరానికి కొట్లో కూర్చున్నట్టు కూర్చుని, మొదలుపెట్టాను. ఒక్క లెటర్ చాలన్నాను. ఒకరికి ఇస్తే మిగతావాళ్ళూ వస్తారన్నారు. ఆ పద్దెనిమిది వేలకు మీకు ఎంత ముట్టిందో నాకు తెలుసన్నాను. ఆయన కప్పు కింద పెట్టారు.

"మీరు ఇలా మాట్లాడకూడదండీ."

"నేనేం మాట్లాడను సార్. కానీ మీరు సంతకం పెట్టని లిస్టును కొత్త సంస్థ వాళ్ళు ఎప్పుడైనా నన్ను అడిగితే, నాకు అబద్ధం చెప్పడం రాదు."

"సగం," అన్నారు చివరికి. "సగం నా వాయిదాలో కట్ చేసుకోమనండి. సగం ఆవిడను కట్టమనండి. దీనికే లెటర్ ఇస్తాను."

ఇంకొంచెం లాగవచ్చు. చిన్నప్పటి నుంచీ నేర్చింది అదే, ఎదుటివాడు అంకె చెప్పాక అసలు బేరం మొదలవుతుంది. కానీ లాగితే ఆయన, "ఆ ఆదాయం నెలనెలా ఎక్కించింది ఎవరండీ?" అంటారు. అనలేదు. అనబోతున్నట్టు నా వైపు చూశారు, అంతే. లెటర్ తీసుకుని లేచాను. ఇంకా ఆ లిస్టులో చాలా పేర్లున్నాయి. వాళ్ళ గురించి ఆ సాయంత్రం నేను నోరెత్తలేదు.

మర్నాడు ఆమెకు చెప్పాను. తొమ్మిది వేలు. అరుస్తుందని నేను జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను, అవన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

"కట్టేదే లేని పైసలల్ల సగం కట్టాల్నా?"

"శనివారం దాకానే టైముంది."

"అది నాకు తెల్వదా?"

శుక్రవారం మధ్యాహ్నం తెచ్చింది. కొత్త గ్రైండర్ కోసం చిట్టీ పాడి తీసుకున్న డబ్బు అని, నేను అడగకుండానే చెప్పింది. రసీదు చింపి ఇచ్చాను. మిగతా సగానికి లెటర్ జత చేసి, రాయితీ అని ఎక్కించాను. ఆ పిల్ల పేరు మీద రాయితీ అనే మాట సాఫ్ట్‌వేర్‌లో కనిపించడం అదే మొదటిసారి. బకాయి సున్నా అయింది. బటన్ పనిచేసింది. ప్రింటర్‌లోంచి టీసీ వేడివేడిగా వచ్చింది. ప్రవర్తన 'చాలా మంచిది' అని ఉంది.

ఆమె దాన్ని ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా దూర్చింది. వెళ్ళబోతూ ఆగింది.

"బేరం మంచిగ జేసినవ్ మేడం. గని ఎవల దిక్కు నిలవడి జేసినవో, గదే సమజ్ కాలే."

గబగబా బయటికి నడిచింది. పిల్ల గేటు దగ్గర పెట్టెతో నిలబడి ఉంది, బస్సుకు టైమవుతోంది.

సీటు దక్కింది. ఆ నెలాఖరున ఎంట్రీలు వేస్తూ చూశాను. రాయితీ ఈ ఏడాది లెక్కలోకే వచ్చింది. పోయిన ఏడాది లాభం ఒక్క రూపాయి కూడా తగ్గలేదు, దాని మీద సార్‌కు కట్టిన ధరా తగ్గలేదు.