మూడు అంకె కింద పసుపు

కోస్గిలో మా ఆయన పెట్టిన డీటీపీ షాపును, ఆయన పోయాక నేనే తెరుస్తున్నాను. నేను బడికి పోలేదు. అక్షరాలు మా బాపు ఇంట్లోనే దిద్దించాడు, కీబోర్డు మా ఆయన నేర్పాడు. ఇద్దరినీ నాకిచ్చిన దేవునికి షట్టర్ ఎత్తేటప్పుడు దండం పెట్టుకుంటాను. ఆ రోజుల్లో దండం చేతులే పెట్టేవి. లోపల ఏమీ కదిలేది కాదు.

ఆయన పోయిన ఏడాది కాబట్టి ఇంట్లో పండుగలు లేవు. అయినా దసరా నాడు అత్తమ్మ పసుపు తడుపుకొని షాపుకు వచ్చింది.

"పండుగ మనకు లేదు గని షాపుకేం పాపం బిడ్డా? గదే గదా మనకు బువ్వ పెడ్తాంది."

ప్రింటర్‌కు, కాగితాలు కోసే కత్తికి బొట్లు పెట్టింది. తర్వాత కీబోర్డు మీద వంగి, కొడుకు వేళ్లకు అరిగిన బటన్లను వెతికి మరీ పసుపు అద్దింది. అరిగినవన్నీ కుడి పక్కనున్న అంకెలే. పాత తెలుగు ఫాంటులో కొన్ని ఒత్తులు ఏ బటన్ మీదా ఉండవు. ఆల్ట్ పట్టుకొని, ఆ పక్క అంకెలు కొట్టి వదిలితేనే వస్తాయి. ఆయన చూడకుండా కొట్టేవాడు.

పండుగ దాటాక మగ్గం నేసే ఒకామె చీరల మూటతో వచ్చింది. ఫ్రాన్సు దేశంలో ఒక దుకాణానికి ఆమె చీరలు మొదటిసారి పోతున్నాయి. చీరకొక చీటీ కుట్టాలి. ఒక పక్క మన ధర, ఇంకో పక్క వాళ్ల భాషలో 'చేనేత' అనే మాట. ఆ మాటలో ఒకచోట ఇంగ్లీషు e అక్షరం, దాని నెత్తిన చిన్న గీత: é.

"గీ గీత లేకుంటే చీటీ తీసుకోరంట చెల్లె. హైదరాబాద్ బస్సుకు మూట ఎక్కించాలె. గిది తప్పితే మల్ల నన్ను అడగరు."

ధర పక్క కష్టం లేదు. కంట్రోల్, ఆల్ట్ కలిపి పట్టుకొని పై వరుసలోని నాలుగు కొడితే ₹ వచ్చింది. మా ఆయన నాకు మొదట నేర్పిన గుర్తు అది. é కోసం ఇంగ్లీషు ఫాంటు పెట్టి, ఆల్ట్ పట్టుకొని 0233 కొట్టాను. ఏమీ పడలేదు. 130తోనూ వస్తుందని ఆయన చెప్పాడు. అది కొడితే ఏదో పిచ్చి గుర్తు పడింది. అప్పుడు చూశాను, మూడు అంకె కిందికి దిగడం లేదు. పసుపు ఎండి గట్టిపడింది. పై వరుసలోనూ మూడు ఉంది కానీ ఆల్ట్‌కు అది పనికిరాదు.

"ఏమైంది చెల్లె?"

"పసుపు అడ్డం వడ్డదక్కా."

"లచ్చిమి అడ్డమెందుకు వడ్తది? నువ్వే జర గట్టిగ కొట్టు."

గట్టిగా కొట్టినా దిగలేదు. మా పాత కంప్యూటర్‌లో అయితే కుడి ఆల్ట్‌ను ఆయన కంపోజ్ బటన్‌గా పెట్టుకున్నాడు. అది నొక్కి వదిలి, సింగిల్ కోట్ (') కొట్టి, e కొడితే గీత దానంతటదే ఎక్కేది. ఆ కంప్యూటర్ చెడిపోయింది. వేరే దారులూ ఉంటాయట. నాకు తెలిసినవి ఆయన నేర్పినవే.

ఆఖరికి నా ఫోన్ తీసి, e అక్షరం మీద వేలు పెట్టి అలాగే ఉంచాను. పైన చిన్న వరుస లేచింది, నెత్తిన రకరకాల గీతలున్న e అక్షరాలు. కావలసిన దాని మీదికి వేలు జరిపి వదిలాను. é ఫోన్‌లో ఉంది, కంప్యూటర్‌లోకి రావాలి. షాపు వాట్సాప్ ఇంకా ఆయన నంబరుదే. గిరాకీల కోసం ఆ ఫోన్‌ను చార్జింగ్‌లోనే ఉంచుతాం, కంప్యూటర్‌లోనూ అదే తెరిచి ఉంటుంది. ఆయనకు పంపాను.

ఆయన పోయాక నేను ఆయనకు పంపింది ఆ ఒక్క అక్షరమే. దాని పైన ఆయన నాకు పెట్టిన చివరి మాట ఉంది: 'అన్నం తిన్నవా'. నేను జవాబు పెట్టి ఉండలేదు, అప్పుడు తింటూ ఉన్నాను. కంప్యూటర్‌లో తెరవగానే నా ఫోన్‌లో రెండు టిక్కులు నీలమయ్యాయి. చదివింది నేనే. ఏడుపు వస్తుందేమో అని కాసేపు ఆగాను, రాలేదు. అక్షరాన్ని కాపీ చేసి చీటీలో పెట్టి, ప్రింటు తీసి, చీటీలు కోసిచ్చాను.

ఆమె బెంచీ మీదే కూర్చొని చీటీలు కుట్టింది. బస్సు హారన్ కొడుతుంటే చివరి దారం పళ్లతో తెంపి, మూట నెత్తిన పెట్టుకొని ఉరికింది. బస్సు దొరికింది. దేవునికి దండం పెట్టాను.

సాయంత్రం బటన్ ఊడదీసి పసుపు గీకుతుంటే అత్తమ్మ వచ్చి చూసింది.

"అయ్యో, నేనే పాడుజేసిన్నా? మల్ల దసరాకు పెట్టొద్దా?"

"పెట్టుండ్రి అత్తమ్మా. జర పొడిగ పెట్టుండ్రి."

ఆమె పక్కన కూర్చుంది. బటన్ మళ్లీ పెట్టి నొక్కాను. దిగింది.