జగదీష్ సార్ అప్పగింతలు

ఆక్సిజన్ సిలిండర్ల బండి నడిపేవాడికి ఆఫీసు గొడవలెందుకు జైరాం అంటారు. నాకు పట్టింది, ఏం చెయ్యమంటారు? ఖమ్మంలో మా కంపెనీ బ్రాంచికి జగదీష్ సార్ అకౌంట్ మేనేజర్. ఆసుపత్రుల ఆర్డర్లు, బిల్లులు, తిట్లు అన్నీ ఆయన నెత్తినే. కల్లూరు దగ్గర తండా మనిషి. కుడిచెయ్యి అన్నంలో ఉన్నా ఎడమచేత్తో ఫోన్ ఎత్తేవాడు.

పెద్ద ఖాతాలన్నీ ఖమ్మంలోనే. ఆయన మనసు మాత్రం భద్రాచలం దాటాక చర్ల దారిలో, అడవి అంచున ఉన్న ఒక చిన్న ఆసుపత్రి మీద ఉండేది. దాని డాక్టరు భద్రాచలంలో ఉంటూ వచ్చిపోతుంటాడు. రాత్రింబవళ్లు కనిపెట్టుకునేది నర్సు సమ్మక్క. ఆసుపత్రిలో సిగ్నల్ ఉండదు. వాగు మీది కల్వర్టు దాకా నడిచివెళితే ఫోన్ మోగుతుంది గానీ మాట నిలవదు. అందుకని ఆమె, సార్ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. సార్ దగ్గరుండే కంపెనీ ఫోన్‌కు వెంటవెంటనే రెండు మిస్డ్ కాల్స్ వస్తే చివరి సిలిండర్ తెరిచినట్టు. పొద్దున వస్తే చీకటి పడేలోగా నా బండి అక్కడ ఉండాలి. ఏళ్ల తరబడి తప్పలేదు.

ఈ ఎండాకాలం, టార్గెట్ అందలేదని ఆయన్ని రాజీనామా చెయ్యమన్నారు. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే. నాకు ఒళ్లు మండింది. ఆయన కుర్చీలోకి కిషోర్ వచ్చాడు. చెడ్డవాడు కాదు, కొత్తవాడు.

పోయేముందు ఖాతాదారులకు నోట్ రాయాలి కదా. ఫలానా తేదీ నుంచి మీ ఖాతా కిషోర్ గారు చూస్తారు, ఫోన్ నంబరు పాతదే, రేట్లు మారవు, రావలసిన సరుకు ఇది, ఇబ్బందైతే బ్రాంచి మేనేజర్‌కు చెప్పండి అని. సార్ ఒక్కో ఆసుపత్రికి విడిగా రాశాడు. చర్ల దారి ఆసుపత్రి నోట్‌లో ఇంకో ముక్క చేర్చాడు: అక్కడ ఆర్డర్ చెప్పేది సమ్మక్క గారు. ఆమె నుంచి రెండు మిస్డ్ కాల్స్ వస్తే అదే ఆర్డర్, తిరిగి చేస్తే కలవదు, బండి పంపాలి.

బ్రాంచి మేనేజర్ వెంకటనారాయణ దాన్ని చదివేటప్పుడు లోడింగ్ స్లిప్పు కోసం నేను అక్కడే నిలబడి ఉన్నాను.

"మిస్డ్ కాల్ ఆర్డర్ ఎట్లయితదయ్యా? హెడ్డాఫీసుకు కాపీ పోతది. ఆడిటోళ్లు నవ్వుతరు," అన్నాడు.

"నవ్వనియ్యండి సార్. ఆ ఒక్క మాట ఉంచండి," అన్నాడు జగదీష్ సార్.

ఉంచలేదు. రికార్డులో డాక్టరు పేరే ఉందని సమ్మక్క పేరు కూడా కొట్టేశాడు. పోనీ కిషోర్‌ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లి పరిచయం చేస్తానని సార్ అంటే, ఆ చిన్న ఖాతాకు డీజిల్ దండగన్నాడు. సార్ చివరిరోజు కిషోర్‌కు నోటితోనే చెప్పాడు, ఇంకా నలభై సంగతుల మధ్య. విన్నది నిలవదనే కదా రాసుకునేది! నోట్ డాక్టరు ఫోన్‌కు వెళ్లింది. ఆయన జవాబుగా బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపి ఊరుకున్నాడు.

వానలు మొదలయ్యాయి. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన పిచ్చయ్య, బిడ్డను చూసిపోదామని చర్ల దారి ఆసుపత్రి పక్క ఊరికి వచ్చి, ఊపిరాడక అందులో చేరాడు. ఆ పొద్దున, ఇప్పుడు కిషోర్ చేతిలో ఉన్న కంపెనీ ఫోన్‌కు రెండు మిస్డ్ కాల్స్ వచ్చాయి. కిషోర్ ఖమ్మంలో పెద్ద ఆసుపత్రి వాళ్లతో మీటింగులో ఉన్నాడు. బయటికొచ్చి తిరిగి చేస్తే కవరేజీ లేదని వచ్చింది. అవసరమైతే వాళ్లే మళ్లీ చేస్తారనుకున్నాడు. నన్ను వైరా, బోనకల్ లైనుకు పంపారు.

తెల్లారి డాక్టరు నుంచి ఫోన్ వచ్చాక నా బండి కదిలింది. పోతూ పోతూ సార్‌కు చెప్పాను. ఆయన ఇల్లెందు క్రాస్‌రోడ్డు దగ్గర బండి ఎక్కాడు.

సమ్మక్క మెట్ల మీద కూర్చొని ఉంది. లోపల మంచం ఖాళీగా ఉంది. సార్‌ని చూసి లేవలేదు.

"పిచ్చయ్య బిడ్డ భద్రాచలం తీస్కపోతనని జీపు మాట్లాడిందన్నా," అంది. "నేనే వద్దన్న. జగదీషన్న బండి వస్తది, ఎన్నడూ తప్పలే అని ఆపిన."

సార్ మెట్టు కిందే నిలబడిపోయాడు.

"నన్ను తీసేసిండ్రు సమ్మక్కా. నేను ఆడ లేను."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

"మరి ఫోన్ మోగింది గదన్నా."