కారులోనే కందిన చెంప

మొటిమలకు డాక్సీసైక్లిన్ మాత్రలు వాడటం మొదలుపెట్టిన కొద్ది రోజులకే నా ఎడమ చెంప, ఎడమ చెయ్యి ఎర్రగా కందిపోయి మండసాగాయి. ఫరీదాబాద్ నుంచి గురుగ్రామ్ ఆఫీసుకు క్యాబ్‌లో ఎడమ కిటికీ పక్కన కూర్చుని వెళ్లేదాన్ని. ఎండలో నడిచిందే లేదు.

"సబ్బు పడలేదేమో బేటా," అన్నారు పక్కింటి తెలుగు ఆంటీ. సబ్బు మార్చాను. మా ఆయన వంకాయ మానెయ్యమంటే అదీ మానేశాను. మందుల షాపతను ఇచ్చిన అలర్జీ మాత్రా వేసుకున్నాను. మంట తగ్గలేదు.

విసిగిపోయి, మొటిమలకు మందు రాసిన డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాను. ఆవిడ నా ఎడమ చేతి వాచీ తీయించి చూశారు. దాని కింద చర్మం మామూలుగానే ఉంది.

"అలర్జీ కాదు. ఈ మందు వాడేవాళ్లకు కొద్దిపాటి ఎండకే చర్మం కాలిపోవచ్చు," అన్నారు హిందీలో.

"నేను కారులోనే ఉన్నాను కదా మేడమ్!"

"కారు కిటికీ అద్దం చర్మాన్ని కాల్చే ఎండ కిరణాలన్నింటినీ ఆపదు."

"మరి ఆ ముక్క మొదటే చెప్పాల్సింది కదా!" గట్టిగానే అనేశాను.

ఆవిడ సారీ చెప్పి, మందు ఆపించారు. తడిగుడ్డతో చల్లబరచమన్నారు. మందు ఆపినా కొన్నాళ్లు ఎండ తగలనివ్వొద్దని, నిండు చేతుల బట్టలు వేసుకోమని, సన్‌స్క్రీన్ రెండేసి గంటలకు మళ్లీ రాయమని చెప్పారు.

ఢిల్లీ చుట్టుపక్కల జూన్ ఎండల్లో నిండు చేతుల కుర్తా! చెమటకు సన్‌స్క్రీన్ కారి కళ్లు మండేవి. చివరికి చర్మం పొట్టు రాలి కుదుటపడింది. మొటిమలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.