మూడు పోకలకు ఒకటే మాట

ముగ్గురం కలిసి ఒక వ్యాసం రాద్దామన్నది పెద్ద సారు ఆలోచన. ఆయన భూపాలపల్లి కాలేజీలో పాలిటిక్స్ చెప్పేవారు. ఘనపూర్ దిక్కు భూములున్న ఇంటి మనిషి. ప్రత్యేక రాష్ట్రం కోసం ఎక్కడ దీక్షా శిబిరం వేసినా మైకు ముందు ఆయనే ఉండేవారు. నేను జనగామలో ఎకనామిక్స్ లెక్చరర్ని. మూడో ఆమె మహబూబాబాద్‌లో కాంట్రాక్టు మీద సోషియాలజీ చెబుతుండేది. నర్సింహులపేట దగ్గరి తండాలో పుట్టిన మనిషి, ఇంట్లో మాట్లాడే మాట వేరు, మాతో మాట్లాడేది మా మాట. నన్ను అన్నా అని పిలిచేది. పల్లెల నుంచి పనికి పోయేవాళ్ల మీద సెమినార్ ఉంది, వ్యాసాలన్నీ పుస్తకంగా వేస్తారు. ఎవరి ప్రాంతం గురించి వాళ్లు రాయాలి. మూడు భాగాలనూ ఒక్క చేత్తో రాసినట్టు చేసే పని నా నెత్తిన పడింది.

భాగాలు చేతికొచ్చాక తల పట్టుకున్నాను. పెద్ద సారుది రెండు పేజీలు. అందులో పల్లెలు ఎన్నో ఉన్నాయి గానీ మనుషులు లేరు, ప్రతి పేరా శిబిరంలో ఉపన్యాసం లాగా చప్పట్ల కోసం ఆగుతోంది. ఆమెది ఒకే ఒక్క తండా గురించి సారు రాసినదానికి ఐదింతలు. మిర్చి ఏరడానికి ఖమ్మం దిక్కు ఎవరు పోతారో, పసిపిల్లల్ని ఎవరు ఎత్తుకుంటారో, ఇంటి దగ్గర మేకల్ని ఎవరు చూస్తారో అంతా రాసింది. పైగా మొత్తం "మేము" అని రాసింది. మూడు పేర్ల వ్యాసంలో మేము అంటే రాసినవాళ్లం అనుకుంటారు, మిర్చి ఏరేవాళ్లని ఎవరూ అనుకోరు. నాది చదివితే నాకే నిద్రొచ్చింది, అన్నీ అంకెలే.

గొంతు కలపడం అంత కష్టం కాలేదు. సారు ఉపన్యాసం గొంతు తగ్గించాను, నా అంకెల మధ్య నాలుగు మాటలు చేర్చాను, ఆమె "మేము"ను "తండావాళ్లు" చేసి, అది ఆమె సొంత తండా అని ముందే ఒక వాక్యం పెట్టాను. మార్చిన ప్రతి భాగాన్నీ రాసినవాళ్లకే తిరిగి పంపాను. ఆమె రెండు చోట్ల సరిచేసి పంపింది. సారు చూడకుండానే బాగుందన్నారు.

వివరం దగ్గరే చిక్కొచ్చింది. ఒక చోట మేకల సంగతి దాకా ఉండి, ఇంకో చోట మండలం మొత్తం ఒక్క లైనులో తేలిపోతే అది ఒక వ్యాసం అనిపించుకోదు. అందుకని మూడు భాగాలకూ ఒకే ప్రశ్నలు పెట్టాను. ఎవరు పోతారు, ఎప్పుడు పోతారు, ఎంత కాలం ఉంటారు, ఎప్పుడు తిరిగొస్తారు. ఎక్కువున్న చోట తగ్గిస్తాను, తక్కువున్న చోట మీరు నింపండి అన్నాను. సారుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా శిబిరంలో ఉన్నాననే జవాబు. చివరికి ఒకరోజు, గదేం పెద్ద పని, నువ్వే రాసెయ్యి, నీకు తెల్వదా అన్నారు. నాకు ఒళ్లు మండింది. వాక్యం వంకరగా ఉంటే నేను సరిచేయగలను. ఆయన అడగని ప్రశ్నకు జవాబు నేనెక్కడి నుంచి తేవాలి?

ఆ పేచీలోనే అసలు సంగతి బయటపడింది. ముగ్గురమూ వలస అనే రాశాం. నా భాగంలో వలస అంటే ఇంటికి తాళం పెట్టి పట్నం చేరి, మళ్లీ రానివాళ్లు. ఆమె భాగంలో పంట కాలానికి పోయి, పని అయిపోగానే వచ్చేవాళ్లు. సారు మాత్రం పొద్దున ఆటో ఎక్కి బొగ్గు గనుల దగ్గర కూలి చేసి రాత్రికి ఇంట్లో అన్నం తినేవాళ్లను కూడా వలసలో కలిపేశారు. మా ముగ్గురి అంకెలనూ కూడి వ్యాసం కింద ఒక మొత్తం కూడా వేశారు. ఆ అంకె ఆయనకు మైకు ముందు కావాలి.

ఇది ఫోన్లో తెగేది కాదని మహబూబాబాద్‌లో కలిశాం. సమ్మెతో బస్సులు లేవు, నేను దొరికిన రైలు పట్టుకుని పోయాను. కాలేజీ మూసి ఉంది, వాచ్‌మన్ స్టాఫ్ రూమ్ తెరిచాడు. మూడు పోకలకు మూడు మాటలు పెడదామన్నాను. తరలిపోవడం, పోయివచ్చే పని, రోజువారీ రాకపోక. వ్యాసం మొదట్లోనే ఏది ఏమిటో చెబుదాం, మొత్తం మాత్రం తీసేద్దాం అన్నాను.

సారు ఒప్పుకోలేదు. వలస అంటే జనానికి గుండెలో తగులుతుందనీ, మూడు మాటలు పెడితే బలం పోతుందనీ, ఇది ఉద్యమ సమయమనీ చాలాసేపు చెప్పారు. నేనూ గొంతు పెంచాను. అప్పుడు ఆమె అందుకుంది.

"సార్, మేం వలస పోలే. పనికి పోయి వస్తం," అంది. "సర్వేకు వచ్చినోళ్లు మిర్చి పనుల్ల వచ్చిండ్రు. ఇల్లు తాళం ఉంటే వలస అని రాసుకపోయిండ్రు. మా యాడి రేషన్ కార్డు గట్లనే పోయింది. మళ్ల ఇయ్యమంటే ఊళ్లె ఉండనోళ్లకు ఎట్లిస్తం అంటుండ్రు. ఇప్పుడు నా పేరు మీద గదే మాట అచ్చయితే, నీ బిడ్డనే రాసింది గదా అనరా?"

యాడి అంటే వాళ్ల మాటలో తల్లి. సారు రాష్ట్రం వస్తే ఇవన్నీ సర్దుకుంటాయన్నారు. వచ్చేదాకా మా యాడి ఏం తినాలె సార్ అని ఆమె నెమ్మదిగానే అడిగింది. ఆయన తన కాగితాలు నా వైపు నెట్టారు. తర్వాత, సరే, మీ ఇష్టమున్నట్టు చేస్కోండ్రి అన్నారు. మొదటి పేజీలోనే మూడు మాటలూ పెట్టి, మొత్తం అంకెను కొట్టేశాను. ఆయన భాగంలో తెలియనిచోట తెలియదనే రాయించాను. పుస్తకం రాగానే ఆ పేజీ పట్టుకుని తల్లితో తహసీల్ ఆఫీసుకు పోతానని ఆమె స్టేషన్ దాకా చెబుతూనే వచ్చింది. ఆ సాయంత్రం రైల్లో నిలబడే వచ్చినా నాకు అలసట తెలియలేదు.

పుస్తకం చాలా నెలలకు వచ్చింది. అచ్చుకు ముందు మాకు ఎవరూ చూపలేదు. మా వ్యాసం తెరిచి మొదటి పేరా చదివాను. "వలస అంటే ఊరు విడిచి తిరిగి రాకపోవడం. వలస అంటే పని కాలానికి పోయి తిరిగి రావడం. వలస అంటే పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరడం." నా కళ్లను నేనే నమ్మలేక మళ్లీ చదివాను. లోపల పట్టికలో మూడు వరసలకూ అదే పేరు. చదివినవాడు మా ముగ్గురికీ మతి లేదనుకుంటాడు.

పుస్తకం కూర్చినాయనకు ఫోన్ చేశాను. ఆయన ఎంతో మర్యాదగా మాట్లాడారు. మీ దాంట్లో ఒకే విషయానికి మూడు మాటలున్నాయి సార్, పుస్తకమంతా ఒకే పద్ధతిలో ఉండాలని కంప్యూటర్లో ఒకేసారి మార్పించాం, మిగతా వ్యాసాల్లో అంతా వలసే ఉంది అన్నారు. మొదటి పేరా చదివారా అని అడిగాను. తప్పులేమన్నా పడ్డాయా అన్నారు. కోపంలో ఏమేమో అన్నాను. ఆయన తప్పొప్పుల పట్టిక వేస్తామన్నారు, అది ఇప్పటిదాకా నేను చూడలేదు.

ఆమెకు ముందే చెప్పాలనుకుని, ఎలా చెప్పాలో తోచక ఊరుకున్నాను. మరునాడు పొద్దున ఆమె ఫోనే వచ్చింది. పుస్తకం కాలేజీకి అందిందట. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"అన్నా, చూసినవా? మమ్ముల మళ్లొకసారి ఊరు దాటించిండ్రు."