గుమ్మం కడిగిన నీళ్లు

శృంగవరపుకోటలో పెళ్లిళ్ల రోజుల్లో పార్లరు నడపడమంటే నాకు పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ కాపలా కాయడమే పని. కరెంటు ఎప్పుడు పోతుందో, కుళాయి ఎప్పుడు ఆగుతుందో, ఏ డ్రయ్యరు ఎప్పుడు కాలిన వాసన కొడుతుందో తెలియదు. అందుకే నాకు కొన్ని చట్టాలున్నాయి. కరెంటు పోగానే అన్ని ప్లగ్గులూ పీకెయ్యాలి, లేకపోతే అది తిరిగొచ్చే ఊపుకి ఏదో ఒకటి మాడుతుంది. ఇన్వర్టరు మీద లైట్లు, ఫ్యాన్లు, ట్రిమ్మరు తప్ప ఏదీ నడవకూడదు. డ్రయ్యరు పెట్టామా, కాసేపటికే బ్యాటరీ చతికిలబడుతుంది. డ్రయ్యరు పని ఉన్నవాళ్లని సాయంత్రానికి జరిపి, దారంతో కనుబొమలు తీయించుకునేవాళ్లని ముందుకి పిలవాలి. దారానికి కరెంటు అక్కర్లేదు కదా. అన్నిటికంటే పెద్ద చట్టం నీలం మూత డ్రమ్ముది. ఆ నీళ్లు తల కడగడానికే. దాని మూత ఎత్తి చూడకుండా ఎవరికీ రంగు కలపను.

ఇవన్నీ నాతో పనిచేసే పిన్నికి నోటికొచ్చు. మా అమ్మ ఈడు మనిషి. చెయ్యి మెత్తన, నోరు గట్టి.

ఆ వైశాఖ శుక్రవారం ఉదయమే ఒక పెళ్లికూతురు వచ్చింది. మర్నాడు రాత్రి ముహూర్తం. ముప్పై దాటిన అమ్మాయి, నడుం దాటిన జడ. పాపిట పక్కనా చెవుల పైనా జుట్టు బాగా నెరిసింది. కాలేజీ రోజుల నుంచే అంత. వచ్చిన సంబంధాలు రెండు అక్కడే ఆగిపోయాయట. ఈసారి పెళ్లికొడుకువాళ్లకి చెప్పలేదు. రెండు రోజుల ముందు చెవి వెనక కొంచెం రంగు పూసి చూశాను, దురదా దద్దురూ లేవు. "అక్కా, ఎవరికీ సెప్పకు" అని నా చెయ్యి పట్టుకుంది. పిన్నికి కూడా చెప్పలేదు. పెళ్లికొడుకు అక్క కూడా మా పార్లరుకే వస్తుంది. వాళ్లిద్దరూ ఎదురుపడకుండా ఆవిడకి సాయంత్రం ఇచ్చాను.

అమ్మాయి కూర్చున్న కాసేపటికే కరెంటు పోయింది. ఎండలకి లైన్ల మీద లోడు ఎక్కువైందట, ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. నేను ప్లగ్గులు పీకాను. ఒక్కటి మర్చిపోయానేమో అన్న అనుమానంతో మళ్లీ ఒక చుట్టు తిరిగాను. పిన్ని ఫోన్లు చేసింది. నీలం డ్రమ్ము మూత ఎత్తి చూశాను, నిండుగా ఉంది. అప్పుడే రంగు కలిపాను.

పాయపాయా తీసి తలంతా పూశాను. జుట్టు పైకి ముడి వేసి, పక్క గదిలో ఒకావిడకి ఫేషియల్ మధ్యలో ఆగిపోతే అది ముగించడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పెళ్లికూతురు మెడ పట్టుకుని కూర్చుంది.

"అక్కా, ఎనకాల మండుతన్నాది."

టైము కూడా అయిపోయింది. బేసిన్ దగ్గర కూర్చోబెట్టి కుళాయి తిప్పాను. రెండు చుక్కలు రాలి ఆగిపోయింది. పైన ట్యాంకు ఆ వరస కొట్లన్నిటికీ ఒకటే. కరెంటు లేక మోటారు ఆడలేదు, అందరూ కలిసి ఖాళీ చేసేశారు. పోనీలే, డ్రమ్ముందిగా అనుకుని మూత ఎత్తాను. అడుగున చెంబు మునిగేటన్ని కూడా లేవు.

"పిన్నీ! డ్రమ్ము నీళ్లేవీ?"

పిన్ని చీపురు పట్టుకునే వచ్చింది. "గుమ్మం కడిగినాను."

"ఏం కడిగావూ?"

"పొద్దున్న వీధి కుళాయి రానేదు కదా, గుమ్మం అలాగే ఉండిపోనాది. ఇయ్యాల శుక్రవారం. రేపు పెళ్లి పెట్టుకున్న పిల్ల కడగని గుమ్మం దాటి ఎల్తాదా ఏటి? ట్యాంకు కుళాయి ఆగిపోతే డ్రమ్ములో ముంచి మెట్లూ కడిగేసి పసుపు రాసినాను. కరెంటొస్తే ట్యాంకు నిండుతాది కదా అనుకున్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. బయట మెట్ల మీద తడి ఆరిపోయింది కూడా. గడపకి పసుపు మెరుస్తోంది, దానిమీద కుంకుమ బొట్లు. చూడడానికి ఎంత బాగుందో అంత ఏడుపొచ్చింది. తిట్టడానికి తీరికెక్కడిది? తాగే నీళ్ల క్యాన్‌లో మిగిలిన రెండు గ్లాసులతో తువ్వాలు తడిపి మెడా చెవులూ తుడిచాను. దువ్వెనతో రంగు వీలైనంత లాగేశాను. అంత జుట్టుకి అదెక్కడ చాలుతుంది? పక్క మిఠాయి కొట్లో అడిగితే వాళ్లూ ఖాళీ బిందె చూపించారు.

ఇక మిగిలింది సందు చివర చేతిపంపు. కరెంటుతో దానికి పని లేదు. కానీ అది నడివీధిలో ఉంది.

"తువ్వాలు కప్పుకుని ఎల్దామా?" అన్నాను. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రేపటి పెళ్లికూతురు, నల్లటి ముద్ద కారుతున్న తలతో వీధిలోకి. మంట ఇంకొంచెం ఎక్కువైందేమో, పెదవి కొరుక్కుని తనే లేచింది.

పంపు దగ్గర బిందెలతో ఉన్న ఆడవాళ్లు చూసి జరిగారు. పిన్ని హ్యాండిల్ పట్టుకుంది. నాలుగుసార్లు కొట్టేసరికే ఆయాసం. నేను రెండు చేతులతో జుట్టు పట్టుకుని ఉన్నాను, వదల్లేను. అంతలో వెనక నుంచి గొంతు వినిపించింది.

"పార్లరు ఖాళీగా ఉన్నాదేటి? ముందుకి రమ్మని ఫోన్ సేసినారు కదా!"

పెళ్లికొడుకు అక్క. దారం పని కదా, మా చట్టం ప్రకారం పిన్ని ఆవిడనీ పిలిచేసింది. వంగి ఉన్న పిల్ల ఆ గొంతు గుర్తుపట్టింది. తల ఎత్తలేదు.

"ఏటిది?" అందావిడ దగ్గరికొచ్చి.

నేను ఏదో హెన్నా అని సర్దబోయాను. ఆ పిల్ల వంగే చెప్పింది. "రంగు వదినా. నాకు తెల్లెంట్రుకలు. కాలేజీ రోజుల్నుంచీ ఉన్నాయి. మీకు సెప్పనేదు."

బిందెలవాళ్లంతా ఆగి వింటున్నారు. ఆవిడ ముఖంలోకి చూడడానికి నాకే భయమేసింది. ఆవిడ చేతిసంచి గట్టు మీద పెట్టి, కొంగు నడుముకి దోపి, పిన్నిని పక్కకి జరిపింది. తనే పంపు కొట్టడం మొదలుపెట్టింది. నీళ్లు ధారగా పడ్డాయి. నల్లగా, తర్వాత గోధుమరంగుగా, చివరికి తేటగా. మంట తగ్గిందా అని ఆవిడే రెండుసార్లు అడిగింది.

"మా తమ్ముడికి తెలుసా?" అంది హ్యాండిల్ ఆపి.

"నేదు."

"నానైతే సెప్పను. సెప్తే నీవే సెప్పాల."

పార్లరుకి తిరిగొచ్చాం. డ్రయ్యరు లేదు, పెళ్లికూతురు జుట్టు విరబోసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. వెలుతురు కోసం పెళ్లికొడుకు అక్కని గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి నేను దారం నోట కరిచాను. ఆవిడ కళ్లు మూసుకుని రెండు చేతులతో కనుబొమ లాగి పట్టుకుంది. అప్పుడు వెనక పెళ్లికూతురి ఫోన్ మాటలు మొదలయ్యాయి.

"నానే. మీకో మాట సెప్పాల... నా జుట్టు నెరిసిపోనాది. రేపు నల్లగానే ఉంటాది, రంగేసుకున్నాను. రెండు నెల్లకి మళ్లీ బయటపడతాది. మీకిష్టం నేకపోతే ఇప్పుడే సెప్పీండి."

నా దారం ఆగిపోయింది. ఆవిడ కళ్లు తెరవలేదు, కనుబొమ మీద వేళ్లు మాత్రం బిగిశాయి. అవతలి మాట నాకు వినపడలేదు.

"ఆఁ, వదినకి తెలుసు," అంది పెళ్లికూతురు. "ఇక్కడే ఉన్నారు."

మళ్లీ కాసేపు వింది.

"ఏటీ అన్నేదు," అంది. "నాకోసం పంపు కొట్టినారు."